చెరువు బాగుకు ముందు ఒక లెక్క: నిధులకు ప్రతిపాదన రాసేదెలా?

ఊరి చెరువు బాగుచేయించాలనుకున్న సంఘాలు సాధారణంగా మొదట ఎస్టిమేటు వేయిస్తాయి. కట్టకు ఇంత మట్టి, తూముకు ఇంత కాంక్రీటు, పూడికకు ఇన్ని ట్రాక్టర్ ట్రిప్పులు అని అందులో ఉంటుంది. పని మంజూరుకు ఆ కాగితం చాలు. కానీ చెరువును ముందు అధ్యయనం చేయడానికి ఏ విశ్వవిద్యాలయాన్నో, నాబార్డునో, ఒక కంపెనీ సీఎస్ఆర్ విభాగాన్నో నిధులు అడుగుతూ అదే ఎస్టిమేటు పంపితే తిరిగి వస్తుంది. ఏ పని చేస్తామో అందులో ఉంటుంది గానీ, ఏ సంగతి తెలుసుకోవడానికి డబ్బు అడుగుతున్నామో ఉండదు.

పని చేస్తే సరిపోయేదానికి అధ్యయనం ఎందుకని అడిగేవాళ్లుంటారు. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46,531 చెరువులు, కుంటలను లక్ష్యంగా పెట్టుకుంది. కేంద్రం కూడా 2005 నుంచి చెరువుల మరమ్మతు, పునరుద్ధరణ పథకం నడుపుతోంది. ఇన్ని పనులు జరిగాక కూడా పూడిక తీసినా నిండని చెరువులున్నాయి, నిండినా చివరి మడికి నీళ్లందని చెరువులున్నాయి. కారణం ఒక్కో చెరువుకు ఒక్కోలా ఉంటుంది. దాన్ని పని మొదలుపెట్టక ముందే పట్టుకోవడం అధ్యయనం పని. ప్రతిపాదనలో చెప్పాల్సిందీ అదే.

ముందు సమస్యను లెక్కలో పెట్టాలి

చాలా ప్రతిపాదనలు చెరువు గ్రామానికి ఎంత అవసరమో చెబుతూ మొదలవుతాయి. చదివే కమిటీకి అది తెలిసిన సంగతే. వాళ్లు వెతికేది ఈ చెరువు గురించి మీకేం తెలుసు, ఇంకా ఏం తెలియాలి అన్నది. దాన్ని చూపడానికి ఒక నమూనా చెరువు తీసుకుని లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణ కోసం పెట్టినవే. పద్ధతి మాత్రం ఏ చెరువుకైనా వర్తిస్తుంది.

వరంగల్ ప్రాంతంలో గొలుసుకట్టులో ఉన్న ఒక మామూలు చెరువు అనుకోండి. నిండు మట్టంలో 60 ఎకరాల్లో నీళ్లు పరుచుకుంటాయి. మూడడుగులు తగ్గితే 42 ఎకరాలు, ఆరడుగులు తగ్గితే 24, తొమ్మిదడుగులు తగ్గితే 6 ఎకరాలు. ఒక్కో మూడడుగుల పొరకు పైవిస్తీర్ణం, కిందివిస్తీర్ణం కలిపి సగం చేసి మూడుతో గుణిస్తే ఆ పొరలో పట్టే నీళ్లు తేలతాయి. మొదటి పొరలో 153, రెండోదాంట్లో 99, మూడోదాంట్లో 45, మొత్తం 297 ఎకరా అడుగులు. ఒక ఎకరంలో అడుగు లోతున నిలిచే నీరు ఒక ఎకరా అడుగు. నీటిపారుదల శాఖ పాత రికార్డులో ఇదే చెరువు సామర్థ్యం 360 ఎకరా అడుగులని ఉందనుకుందాం. అంటే 63 ఎకరా అడుగుల చోటును పూడిక మింగేసింది.

ఇక్కడిదాకా వచ్చి చాలామంది ఆగిపోతారు. పూడిక ఉంది కాబట్టి తీయాలి అని రాసేస్తారు. ఇంకో రెండు అడుగులు ముందుకు వేయాలి. 63 ఎకరా అడుగులంటే సుమారు 77,700 ఘనపు మీటర్ల మట్టి. ఒక ట్రాక్టర్ ట్రాలీకి మూడు ఘనపు మీటర్లు పడుతుందనుకుంటే దాదాపు 26 వేల ట్రిప్పులు. అంత మట్టి తీస్తే దొరికే అదనపు నీటితో వరి ఎంత పండుతుంది? కాలువలో ఇంకే నీటిని వదిలేసి, పొలం దగ్గర నాలుగడుగుల నీరు కావాలనుకున్నా, చెరువు ఒకసారి నిండితే పదిహేను పదహారు ఎకరాలే.

అదీ చెరువు నిండిన ఏడాదే. పదేళ్లలో మూడేళ్లే మత్తడి దూకే చెరువైతే, పెంచిన చోటు ఆ మూడేళ్లే నిండుగా అక్కరకొస్తుంది. మిగతా ఏడేళ్లు ఉన్న చోటే నిండలేదు కాబట్టి కొత్త చోటు ఖాళీగానే ఉంటుంది. పైగా పూడికలో సగం తూము మట్టానికి కిందే ఉందనుకోండి. ఆ సగం తీసినా నీళ్లు తూములోంచి కాలువకెక్కవు. పశువులకు, చేపలకు, చుట్టుపక్కల బావులకు ఉపయోగపడతాయి గానీ కాలువ కింద రైతుకు దక్కేది ఏడెనిమిది ఎకరాల నీరే.

ఈ లెక్కతో ప్రతిపాదన రూపం మారిపోతుంది. పూడిక తీయకూడదని దీని అర్థం కాదు. తీస్తే ఎవరికి, ఎంత లాభమో ముందే తెలియాలి. సమస్య పూడికలో ఉందా, నీళ్లు తెచ్చే కట్టుకాలువలో ఉందా, కారే తూములో ఉందా, ఆయకట్టులో ఉందా అన్నది తేలాలి. ప్రతిపాదనలో సమస్యను చెప్పే పేరా ఇలా ఉండొచ్చు:

"మా చెరువు గత పదేళ్లలో మూడేళ్లే మత్తడి దూకిందని ఆయకట్టు రైతులు చెబుతున్నారు. పాత రికార్డుతో పోలిస్తే సామర్థ్యం సుమారు ఆరో వంతు తగ్గినట్టు ప్రాథమిక అంచనా. అయితే చెరువు నిండకపోవడానికి పూడిక కారణమా, పై చెరువు నుంచి వచ్చే కట్టుకాలువ మూసుకుపోవడం కారణమా అన్నది మాకు తెలియదు. రెండింటికీ చేయాల్సిన పనులు వేరు, ఖర్చులూ వేరు. పని చేపట్టే ముందు దీన్ని తేల్చడానికే ఈ అధ్యయనం."

కమిటీ కావాలనుకునేది ఇందులో ఉంది. ఒక చెరువు, ఒక లెక్క, తేలని ఒక ప్రశ్న, ఆ ప్రశ్న తేలితే మారే ఒక నిర్ణయం.

ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి విజయనగర శాసనం ఉంది. మంచి చెరువుకు పన్నెండు హంగులు, చెరువుకు రాకూడని ఆరు దోషాలు అందులో చెక్కించారు. నీరు తక్కువై సాగుచేయాల్సిన నేల ఎక్కువ కావడం ఆ దోషాల్లో ఒకటి, కట్టలోంచి నీరు కారడం మరొకటి. మన చెరువుకున్నది ఏ దోషమో నిర్ధారించకుండా మందు వేయకూడదు.

లక్ష్యాలు మూడు చాలు

లక్ష్యం అంటే అధ్యయనం ముగిసేసరికి జవాబు దొరకాల్సిన ప్రశ్న. "చెరువు సమగ్రాభివృద్ధి", "రైతుల జీవన ప్రమాణాల మెరుగుదల" లాంటివి లక్ష్యాలు కావు. రెండేళ్ల తర్వాత అవి నెరవేరాయో లేదో ఎవరూ కొలిచి చెప్పలేరు. నమూనా చెరువుకు మూడు లక్ష్యాలు సరిపోతాయి. ఇప్పుడు చెరువులో ఎన్ని నీళ్లు పడతాయి, అందులో తూము మట్టానికి పైన ఎంత, కింద ఎంత? వచ్చే నీళ్లెన్ని, పోయే నీళ్లు ఏ దారిన పోతున్నాయి? ఈ రెండూ తెలిశాక ఏ పని ముందు, ఏది తర్వాత?

మొదటి లక్ష్యం సర్వేతో తీరుతుంది. చెరువు ఎండే ఏప్రిల్, మే నెలల్లో శిఖం భూమి అంతటా ఎత్తుపల్లాలు కొలిచి పటం గీయాలి. తూము గడప, మత్తడి అంచు అదే కొలతలోకి రావాలి. పాత రికార్డును గుడ్డిగా నమ్మకూడదు. అందులోని సామర్థ్యం ఎప్పుడు, ఎలా కొలిచారో చాలాసార్లు రాసి ఉండదు. అందుకే గుంతలు తవ్వి పూడిక లోతును చూడాలి. కింది పాత నేల రంగు, గట్టిదనం వేరుగా ఉంటాయి కాబట్టి మెత్తటి ఒండ్రు ఎక్కడ ఆగిందో గుంత గోడలో కనిపిస్తుంది. గుంతలు ఒకేచోట తవ్వితే లాభం లేదు. కాలువ చెరువులో కలిసేచోట ఇసుక దిగుతుంది, కట్ట దగ్గర సన్నటి బంకమట్టి పేరుకుంటుంది. బంకమట్టి ఎర్ర చెలకలకు బలం, ఇసుక మేట ఏ పొలానికీ పనికిరాదు. మట్టిని రైతులు సొంత ఖర్చుతో తోలుకుపోతారని ఎస్టిమేటులో రాసుకునేవాళ్లు ముందు ఈ పరీక్ష చేయించాలి.

రెండో లక్ష్యమే అధ్యయనానికి గుండెకాయ. చెరువులో ఒక గేజి స్కేలు, ఊళ్లో ఒక వానమాపకం, ఆవిరి కొలిచే పళ్లెం, ఆయకట్టులో కొన్ని బావులు ఇందుకు కావాలి. ఒక చిన్న పరీక్షతో దీన్ని చూపొచ్చు. శీతాకాలంలో వానలు లేనప్పుడు, పైనుంచి నీళ్లు రానప్పుడు తూము మూసి పది రోజులు గేజి చూడాలి. మట్టం పది సెంటీమీటర్లు పడిపోయిందనుకుందాం. ఆవిరి పళ్లెం లెక్క ప్రకారం అందులో నాలుగు సెంటీమీటర్లు ఎండకు పోయింది. మిగతా ఆరు నేలలోకో, కట్ట కిందుగానో పోయినట్టు. కట్ట వెనక పాదం దగ్గర నేల తడిగా ఉండి తుంగ మొలిచి ఉంటే కట్ట కారుతోంది. అక్కడ పొడిగా ఉండి ఆయకట్టు బావుల్లో మట్టం పెరిగితే ఆ నీళ్లు వృథా కాలేదు, బావుల్లోకి చేరాయి. రెండోదే నిజమైన చోట కట్టకు మట్టి పోయించి లక్షలు ఖర్చుపెట్టడం అనవసరం.

వచ్చే నీటి సంగతి వానాకాలంలోనే తేలుతుంది. పై చెరువు మత్తడి దూకుతున్న రోజునే కట్టుకాలువ వెంట నడవాలి. సర్కారు తుమ్మ కమ్మేసిన చోట, ఎవరో పొలం చదును చేసి కాలువను కలిపేసుకున్న చోట, రోడ్డు కింద తూరలు ఎత్తుగా వేసిన చోట నీళ్లు పక్కకు మళ్లడం కళ్లముందే తెలుస్తుంది. ఎండాకాలంలో నడిస్తే ఇదేదీ కనిపించదు.

రెండేళ్లలో ఒక ఏడాది కరువు వస్తే లెక్క తప్పుతుందన్న అనుమానం కమిటీకి తప్పక వస్తుంది. జవాబు ముందే రాసి పెట్టాలి. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు దశాబ్దాలుగా ఉన్నాయి, సెంటినెల్-2 చిత్రాలు 2015 తర్వాతి కాలానికి పది మీటర్ల స్పష్టతతో దొరుకుతాయి. రెండూ ఉచితం. ఏ సంవత్సరం చెరువులో నీళ్లు ఎన్ని ఎకరాల్లో పరుచుకున్నాయో వాటిలో చూసి, మనం కొలిచిన పటంతో కలిపితే పాతేళ్ల నీటి నిల్వ అంచనాకు వస్తుంది. రైతులు చెప్పిన మత్తడి దూకిన ఏళ్లతో పోల్చితే ఆ అంచనా ఎంత సరైనదో కూడా తెలుస్తుంది. వానాకాలంలో మబ్బుల వల్ల కొన్ని చిత్రాలు పనికిరావని కూడా రాయాలి. పరిమితి దాచిన ప్రతిపాదన కంటే చెప్పుకున్న ప్రతిపాదనకే నమ్మకం ఎక్కువ.

మూడో లక్ష్యానికి యంత్రాలు అక్కర్లేదు. తూము దగ్గరి రైతు, చివరి మడి రైతు, బావి ఉన్న రైతు, శిఖంలో పశువులు మేపుకునేవాళ్లు, చేపల సొసైటీ, వీళ్ల అవసరాలు ఒకటి కావు. నీళ్లు తూములోంచి తొందరగా వదలాలని ఒకరు, చెరువులో నిలవాలని ఇంకొకరు అంటారు. కొలతలు చేతిలో పెట్టుకుని వాళ్లందరినీ కూర్చోబెట్టి, పనుల వరుస తేల్చడం ఈ లక్ష్యం.

ఫలితాలు: మాట ఇచ్చేముందు

ఆశించే ఫలితాల దగ్గర రాసేవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేస్తారు. "ఈ ప్రాజెక్టు వల్ల 200 ఎకరాలు సాగులోకి వస్తాయి" అని రాసేస్తారు. అధ్యయనంతో ఒక్క ఎకరం కూడా సాగులోకి రాదు. అది తేల్చిన పని చేస్తే వస్తుంది. ఆ పనికి డబ్బు వేరే చోటు నుంచి రావాలి.

అధ్యయనం చేతికిచ్చేవి వేరు, వాటివల్ల జరగాల్సిన మార్పు వేరు. చేతికి వచ్చేవి ఖాయంగా రాయొచ్చు: చెరువు పటం, ఏ మట్టంలో ఎన్ని నీళ్లో చెప్పే పట్టిక, రెండేళ్ల నీటి లెక్క, మట్టి పరీక్షల ఫలితాలు, తెలుగులో ఒక నివేదిక. మార్పును జాగ్రత్తగా రాయాలి. ఉదాహరణకు: "అధ్యయనం ముగిసేసరికి గ్రామ పంచాయతీ దగ్గర, నీటిపారుదల శాఖ స్థానిక ఇంజనీరు దగ్గర ఒకే పనుల జాబితా ఉంటుంది. ఏ పనికి ఎంత నీరు అదనంగా దక్కుతుందో, ఎవరికి దక్కుతుందో అందులో ఉంటుంది. మట్టం పట్టిక చూసి యాసంగిలో ఎన్ని ఎకరాలకు తూము తెరవాలో ఆయకట్టుదార్లు ముందే నిర్ణయించుకోగలుగుతారు."

చివరి వాక్యం చిన్నదిగా కనిపించినా విలువైనది. సంక్రాంతి నాటికి గేజి ఎంత చూపితే ఎన్ని ఎకరాలు నాటొచ్చో తెలిస్తే మార్చిలో పొట్టకొచ్చిన వరి ఎండిపోవడం తప్పుతుంది. దీనికి ట్రాక్టర్ ట్రిప్పులు అక్కర్లేదు.

ఇంకో వాక్యం కూడా ఉండి తీరాలి: "పూడిక తీయడం వల్ల లాభం తక్కువని తేలితే ఆ మాటే నివేదికలో రాస్తాం." తనకు నచ్చని జవాబుకు కూడా సిద్ధపడ్డవాళ్లే నిజంగా అధ్యయనం చేస్తారని నిధులిచ్చేవాళ్లు ఎరుగుదురు.

ప్రతి రూపాయికీ ఒక ప్రశ్న

బడ్జెట్ పట్టిక వేరు, బడ్జెట్ సమర్థన వేరు. పట్టికలో ఎంత అన్నది ఉంటుంది. సమర్థనలో ఎందుకు, ఎందుకంత అన్నవి ఉంటాయి. నమూనా చెరువుకు రెండేళ్ల ఖర్చు ఇలా వేశాం. ధరలు ఊహించినవి, మీ ప్రాంతపు కొటేషన్లతో మార్చుకోవాలి.

పరిశోధక సహాయకుడికి నెలకు 30 వేల చొప్పున 24 నెలలకు 7.20 లక్షలు. ఊరి యువకుడో యువతో క్షేత్ర సహాయకులుగా నెలకు 15 వేలు, మొత్తం 3.60 లక్షలు. రోజూ గేజి, వానమాపకం చూసి రాసే నీరటికి నెలకు 4 వేల భత్యం, 96 వేలు. సర్వేకు 1.20 లక్షలు. పరికరాలకు 90 వేలు. మట్టి పరీక్షలకు 90 వేలు. ప్రయాణాలకు 96 వేలు. గ్రామసభలు, నివేదిక ముద్రణకు 78 వేలు. ఇవన్నీ కలిపి 16.50 లక్షలు. సంస్థ నిర్వహణ ఖర్చు పది శాతం, 1.65 లక్షలు కలిపితే 18.15 లక్షలు.

ఈ పట్టిక చూడగానే కమిటీ అడిగేది ఒకటే: మూడింట రెండు వంతుల డబ్బు మనుషులకేనా? "సిబ్బంది అవసరం" అని రాస్తే అది జవాబు కాదు. జవాబు ఇలా ఉండాలి:

"రెండో లక్ష్యానికి 20 బావుల నీటిమట్టం పదిహేను రోజులకోసారి చొప్పున 24 నెలలు కొలవాలి. అంటే 960 కొలతలు. గేజి, వానమాపకం రోజూ ఉదయం చూడాలి. రోజువారీ వరుస తెగితే నీటి లెక్క కుదరదు. అందుకే ఊళ్లో ఉండే ఒకరికి పూర్తికాలం వేతనం, నీరటికి భత్యం అడుగుతున్నాం. తూము ఎప్పుడు తెరిచింది, ఎప్పుడు మూసింది అన్నది నీరటికే తెలుస్తుంది. ఆ వివరం లేకుండా గేజి అంకెలకు అర్థం ఉండదు."

మట్టి పరీక్షలకు 90 వేలెందుకంటే, 20 గుంతల్లో మూడేసి లోతుల్లో తీసిన 60 నమూనాలకు ఒక్కోదానికి 1,500 చొప్పున. 20 గుంతలెందుకంటే, కాలువ మొగ దగ్గర, చెరువు నడుమ, కట్ట దగ్గర మట్టి మారుతుంది కాబట్టి. సర్వే ఖర్చు మొదటి లక్ష్యానికి, సభల ఖర్చు మూడో లక్ష్యానికి. ఏ లక్ష్యానికీ ముడిపడని పద్దు ఉంటే తీసేయాలి. లక్ష్యం ఉండి దానికి పద్దు లేకపోతే అది జరగదని లెక్క. గేజి స్కేళ్లు వరదకు కొట్టుకుపోతాయి, ఈతకొచ్చిన పిల్లలు ఊడబీకుతారు. అందుకే అదనంగా ఒక స్కేలు కొనడానికి పరికరాల పద్దులోనే చోటు పెట్టుకోవాలి.

కోత పెడతామని కమిటీ అంటే ఏది వదులుకోగలరో కూడా ముందే ఆలోచించుకోవాలి. బావుల సంఖ్య 20 నుంచి 12కు తగ్గించొచ్చు. రెండేళ్లను ఒక ఏడాదికి కుదించకూడదు. ఒక్క వానాకాలం చూసి చెరువు గుణం చెప్పడం సాధ్యం కాదు.

కాలక్రమం కూడా ఇందులోకే వస్తుంది. డబ్బు జూలైలో విడుదలైతే చెరువు అడుగు సర్వేకు ఆ ఏడాది వేసవి దాటిపోయినట్టే. అందుకే సర్వే నెలలు, గేజి జూన్ లోపు నిలబెట్టాల్సిన అవసరం స్పష్టంగా రాసి, మొదటి విడత నిధులు మార్చి నాటికి అందాలని అడగాలి. గేజి పెట్టడానికి నీటిపారుదల శాఖ అనుమతి, పంచాయతీ తీర్మానం ప్రతులు జతచేయాలి. శిఖం ఆక్రమణల వివరాలు బయటపడే అవకాశం ఉంది కాబట్టి, నివేదికలో రైతుల పేర్లు ఇవ్వబోమని, సర్వే నంబర్లు ఎలా వాడతామో చెప్పి తీరాలి. లేదంటే ఊళ్లో ఎవరూ బావి దగ్గరికి కూడా రానివ్వరు.

ప్రతిపాదన పంపేముందు దాన్ని కమిటీకి కాక ఊరికి చదివి వినిపించండి. రచ్చబండ దగ్గర ఆయకట్టు రైతులను, నీరటిని కూర్చోబెట్టి సమస్య, లక్ష్యాలు, ఖర్చు గట్టిగా చదవండి. మత్తడి దూకిన ఏళ్లు తప్పు రాస్తే వాళ్లే సరిదిద్దుతారు. ఏ పద్దు ఎక్కువో, ఏ కాలువ పేరు మరిచిపోయారో వాళ్లే చెబుతారు. వాళ్లకు అర్థం కాని పేరా కమిటీకి కూడా అర్థం కాదు. దాన్ని తిరగరాశాకే పంపండి.